పెద్దకర్మ కార్డులో ఏం రాయాలి?

మా చిన్నాన్న పోయిన నాలుగో రోజు సాయంత్రం కార్డు అచ్చు వేయించే పని నా మీద పడింది. తమ్ముడు కర్మలు చేస్తున్నాడు కాబట్టి బయట తిరగకూడదు. పేర్లు రాసిన కాగితం పట్టుకుని నేనే డీటీపీ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి అంతకుముందు ఇంకెవరికో చేసిన కార్డు కంప్యూటర్లో తెరిచి, అందులో పేర్లు మార్చుకుంటూ పోయాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. రెండు వందల కార్డులు ఇంటికి తెచ్చాక పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని చదివి, "ఈ అల్లుడెవర్రా?" అని అడిగింది. చిన్నాన్నకి ఆడపిల్లలు లేరు. పాత కార్డులోని అల్లుడి పేరు అందులో అలాగే ఉండిపోయింది.

దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఆ కార్డు పట్టుకుని నిలబడిన క్షణం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరింట్లో ఇలాంటి అవసరం వచ్చినా కార్డు రాసే పని నేనే అడిగి తీసుకుంటున్నాను. పురోహితులను అడిగి, పెద్దవాళ్ళను అడిగి, పాత కార్డులు పక్కన పెట్టుకుని చూసి నేర్చుకున్న సంగతులివి. అలాంటి రోజు ఏ ఇంటికైనా వస్తుంది. వచ్చినప్పుడు ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

ఇది పిలుపు కాదు, కబురు

పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావింటికి పిలవకపోయినా వెళ్ళాలి అని మనవాళ్ళు అంటారు. పెద్దకర్మ కార్డులో ఏ మాట ఉండవచ్చో, ఏది ఉండకూడదో ఈ ఒక్క మాటతో తేలిపోతుంది. రమ్మని బతిమాలడం, వస్తే సంతోషమనడం దాని పని కాదు. ఎవరు పోయారో, ఏ రోజు ఏ కార్యం ఎక్కడ జరుగుతుందో తెలియజేయడం దాని పని. తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

కార్డు ఇచ్చే పద్ధతిలోనూ ఈ తేడా ఉంది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తాం, బొట్టు పెట్టి చేతికిస్తాం. పెద్దకర్మ కార్డుకు పసుపూ కుంకుమా ఉండవు. చాలా ఇళ్ళలో కర్మ చేసేవారు తామే వెళ్ళి ఇవ్వరు. అల్లుడో, మేనల్లుడో, పక్కింటివాళ్ళో వెళ్ళి గుమ్మం బయటే నిలబడి ఇచ్చి, "వెళ్ళొస్తాం" అనకుండా వచ్చేస్తారు. తీసుకున్నవాళ్ళు కూడా దాన్ని దేవుడి గది వైపు తీసుకెళ్ళరు, చదివాక ఇంట్లో దాచుకోరు.

అయితే డీటీపీ సెంటరులో శుభలేఖలు చేసేదీ, ఈ కార్డులు చేసేదీ ఒకే మనిషి, ఒకే కంప్యూటరు. పెళ్ళికార్డు మాటలు తెలియకుండానే వచ్చి ఇందులో కూర్చుంటాయి. పైన 'శ్రీరస్తు శుభమస్తు', మధ్యలో 'సకుటుంబ సపరివార సమేతంగా', చివర 'మీ రాకతో మమ్మల్ని ఆనందింపజేయ ప్రార్థన'. ఇవన్నీ నేను నిజంగా కర్మ కార్డుల మీద చదివినవే. వీటిలో ఒక్కటీ ఇక్కడ ఉండకూడదు.

ఏ రోజుకు ఏ పేరు

కార్డు రాసే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం, అసలు ఏ కార్యానికి రమ్మంటున్నాం అన్నది. ఒకే కార్యానికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరుంది. కోస్తాలో ఎక్కువగా పెద్దకర్మ అంటారు. తెలంగాణలో దశదిన కర్మ, దినాలు అంటారు. నెల్లూరు, చిత్తూరు వైపు ఉత్తరక్రియలు, కర్మాంతరం అనే మాటలు వినిపిస్తాయి. రాయలసీమలో దివసాలు అంటారు. మీ ఊళ్ళో పలికే మాటే కార్డు మీద వేయండి. దానికి బదులు గ్రంథాల్లోంచి ఓ పెద్ద మాట తెచ్చి పెడితే చదివినవాళ్ళు అది వేరే కార్యమేమో అనుకుంటారు.

బ్రాహ్మణ కుటుంబాల్లో ఒక్కో రోజుకు ఒక్కో కార్యం ఉంటుంది. పది రోజులూ నిత్యకర్మ జరుగుతుంది. పదో రోజున జ్ఞాతులూ బంధువులూ ధర్మోదకాలు వదులుతారు. పదకొండో రోజు ఏకాదశాహం, పన్నెండో రోజు సపిండీకరణం. పదమూడో రోజు శుభస్వీకారం. అంటే మైల తీరి, ఇల్లు మళ్ళీ శుభంలోకి అడుగుపెట్టే రోజు. ఈ నాలుగు రోజులకూ రావలసినవాళ్ళు వేరు వేరు. ధర్మోదకాలకు దగ్గరివాళ్ళు తప్పకుండా రావాలి. శుభస్వీకారానికి స్నేహితులు, ఆఫీసువాళ్ళు, ఇరుగుపొరుగు అందరూ వస్తారు. కార్డులో 'కర్మలు 10 నుంచి 13 వరకు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, భోజనానికి రావలసిన స్నేహితుడు పదో రోజు పొద్దున రేవు దగ్గరకు వచ్చి నిలబడతాడు. ధర్మోదకాలకు రావలసిన పెదనాన్న కొడుకు పదమూడో రోజున దిగుతాడు.

మిగతా కుటుంబాల్లో ఎక్కువమంది మూడో రోజునో, అయిదో రోజునో చిన్నకర్మ, పదకొండో రోజున పెద్దకర్మ చేస్తారు. ఆ రోజే బంధుమిత్రులకు భోజనాలు. వారం పట్టింపు ఉన్న ఇళ్ళలో ఈ రోజు ముందుకో వెనక్కో జరుగుతుంది. అందుకే కార్డు మీద 'పదకొండో రోజు' అనే మాటను నమ్ముకోకుండా తేదీ, వారం రెండూ వేయాలి.

ఇక్కడే 'దశదిన కర్మ' అనే మాట వల్ల ఒక తికమక వస్తుంది. పేరులో పది ఉంది, కార్డు మీద మాత్రం పదకొండో రోజు తేదీ ఉంటుంది. పది రోజుల కర్మ ముగిసిన మరునాడు జరిపే కార్యానికీ అదే పేరు నిలిచిపోయింది. తేదీ, వారం స్పష్టంగా ఉంటే ఈ పేరుతో ఇబ్బందేమీ రాదు.

వీరశైవ కుటుంబాలు 'శివైక్యం చెందారు' అని రాసి, శివగణారాధనకు రమ్మంటాయి. క్రైస్తవ కుటుంబాలు 'ప్రభువునందు నిద్రించారు' అని రాసి, జ్ఞాపకార్థ కూడిక అంటాయి. కర్మకాండ వద్దనుకునేవాళ్ళు సంస్మరణ సభ అని వేస్తారు. ఎవరి కార్డులో వారి మాటే ఉండాలి. శివైక్యం చెందిన మనిషిని అదే కార్డులో రెండు వాక్యాల తర్వాత 'వైకుంఠప్రాప్తి' పొందించకూడదు. పాత ఫైలు మీద పేర్లు మార్చినప్పుడు ఇలాంటివే జరుగుతాయి.

ఒక చిత్తుప్రతి చదువుదాం

తెనాలిలో సుబ్బయ్య గారనే 82 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుడు 2025 నవంబర్ 1, శనివారం సాయంత్రం ఆరింటికి పోయారనుకుందాం. భార్య ఉన్నారు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో, చిన్నకొడుకు అమెరికాలో డాలస్‌లో, కూతురు గుంటూరులో ఉంటారు. నాలుగో రోజు కూర్చుని ఇంట్లో ఎవరో ఇలా రాశారు:

"శ్రీరస్తు. పెద్ద ఖర్మ ఆహ్వాన పత్రిక. మా తండ్రిగారైన కీ.శే. శ్రీ సుబ్బయ్య గారు తే 1-11-2025న స్వర్గస్తులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. వారి పెద్ద ఖర్మ 11వ రోజు అనగా తే 12-11-2025న మా స్వగృహమునందు జరుపబడును. కావున తామెల్లరు సకుటుంబంగా విచ్చేసి, వారి ఆత్మకు శాంతి చేకూర్చి, మా ఆతిథ్యమును స్వీకరించి మమ్ములను ఆనందింపజేయ ప్రార్థన. ఇట్లు, మీ రాకను కోరు కుమారులు."

చూడగానే మామూలు కార్డులాగే ఉంటుంది. నిదానంగా చదివితే దాదాపు ప్రతి వాక్యంలో ఒక తప్పుంది.

ముందు 'ఖర్మ'. చేసే పని, జరిపే క్రతువు కర్మ. 'నా ఖర్మ' అని తల కొట్టుకునేటప్పటి మాట ఖర్మ. ఒత్తు ఒక్కటి పడితే తండ్రికి చేసే చివరి కార్యం కాస్తా తిట్టయిపోతుంది. కార్డుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

రెండోది 'స్వర్గస్తులు'. స్వర్గంలో ఉన్నవారు స్వర్గస్థులు, 'థ'కారంతో రాయాలి. అంత పెద్ద మాట ఎందుకనుకుంటే 'కన్నుమూశారు' అనే మంచి తెలుగు మాట ఉంది. అది ఏ మతం వారికైనా, ఏ వయసు వారికైనా సరిపోతుంది.

మూడోది 'కీ.శే. సుబ్బయ్య గారు స్వర్గస్థులైనారు' అనడం. కీర్తిశేషులంటే కీర్తి మాత్రమే మిగిలినవారు, అంటే అప్పటికే గతించినవారు. గతించిన మనిషి మళ్ళీ గతించినట్టుంది ఆ వాక్యం. మరణవార్త చెప్పే వాక్యంలో శ్రీ సుబ్బయ్య గారనే రాయాలి. ఆ తర్వాతి వాక్యాల్లోనూ, కార్డు శీర్షికలోనూ కీర్తిశేషులు అనవచ్చు. రెండూ కలిపి 'కీ.శే. శ్రీ' అని వేయనక్కరలేదు.

నాలుగోది 'తెలియజేయుటకు చింతిస్తున్నాము'. ఇది ఇంగ్లీషు వాక్యానికి నీడ. చింత తండ్రి పోయినందుకు, మీకు చెబుతున్నందుకు కాదు. 'కన్నుమూశారు' అని చెప్పి ఆపితే చాలు. అందులోనే అంతా ఉంది. 'జరుపబడును' కూడా అలాంటిదే. కర్మ చేస్తున్నది మీరే కాబట్టి 'జరుపుతున్నాం' అని రాయండి.

అయిదోది 'ఆత్మకు శాంతి చేకూర్చి'. వచ్చిన బంధువులు ఆత్మకు శాంతి చేకూర్చలేరు. చేకూరాలని కోరుకోగలరు. 'శ్రద్ధాంజలి ఘటించి' అనో, 'వారికి సద్గతి కలగాలని ప్రార్థించి' అనో రాస్తే వాక్యం సరిగా నిలబడుతుంది. ఇక 'ఆనందింపజేయ' అనే మాట పెళ్ళికార్డుదేనని వేరే చెప్పక్కర్లేదు.

తప్పులన్నిటి తర్వాత ఒక లోటు కూడా ఉంది. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, వృత్తి లేదు, వయసు లేదు. కార్డు చేతికిచ్చే రోజుల్లో ఇచ్చినవాళ్ళే ఆ వివరాలు చెప్పేవారు. ఇప్పుడదే కార్డు ఫొటోగా వాట్సాప్‌లో ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుంది. 'మా తండ్రిగారు' అంటే ఎవరి తండ్రి? సుబ్బయ్య గారి దగ్గర చదువుకున్న మనిషికి ఆయన 'లెక్కల మాస్టారు'గానే గుర్తుంటారు. ఊళ్ళో అందరూ పిలిచే పేరు ఒకటి ఉంటే దాన్నీ పక్కన వేయండి.

తేదీ లెక్కపెట్టడం

ఆ చిత్తుప్రతిలో అన్నిటికంటే ప్రమాదమైన తప్పు తేదీ. పోయింది ఒకటో తేదీన కాబట్టి ఒకటికి పదకొండు కలిపి పన్నెండు అని వేశారు. కాని పోయిన రోజే మొదటి రోజు. నవంబర్ 1 మొదటి రోజైతే, 10 పదో రోజు, 11 పదకొండో రోజు, 13 పదమూడో రోజు. పదకొండో రోజు కావాలంటే పది కలపాలి, పదమూడో రోజు కావాలంటే పన్నెండు కలపాలి. తర్వాత క్యాలెండర్ తీసి, పోయిన రోజు నుంచి వేలితో ఒక్కొక్క గడి లెక్కపెడుతూ సరిచూసుకోండి. వారం కూడా కలవాలి. నవంబర్ 1 శనివారం కాబట్టి 11 మంగళవారం, 13 గురువారం. తేదీలో తప్పుంటే వారం దగ్గర దొరికిపోతుంది. కార్డు మీద రెండూ ఉండాలనడానికి అది ఇంకో కారణం.

అర్ధరాత్రి దాటాక పోయినవారి విషయంలో ఈ లెక్క మీరే వేయకండి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ మాత్రం అర్ధరాత్రే మారిపోతుంది. రాత్రి రెండింటికి పోతే ముందు రోజు నుంచి లెక్కించాలా, ఆ రోజు నుంచి లెక్కించాలా అన్నది మీ ఇంటి పురోహితుడు చెప్పాలి. ఒక్కో సంప్రదాయంలో ఒక్కో తీరుంది. శరీరం విదేశం నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు కూడా ఆయన్ని అడిగాకే కార్డు అచ్చుకివ్వాలి.

తేదీతో పాటు తిథి కూడా ఉండాలి. ఏటా ఆబ్దికం పెట్టేది తిథిని బట్టే. అది కూడా పోయిన సమయానికి ఉన్న తిథి కావాలి. గోడ మీది క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథి. మన ఉదాహరణే చూడండి. 2025 నవంబర్ 1న తెల్లవారేసరికి కార్తీక శుద్ధ దశమి. ఉదయం తొమ్మిది దాటాక ఏకాదశి వచ్చింది. సుబ్బయ్య గారు పోయింది సాయంత్రం ఆరింటికి కాబట్టి ఆయన తిథి ఏకాదశి. గడిలో కనిపించిన దశమిని కార్డు మీద వేస్తే, తప్పు తిథి నాడు తద్దినం పెట్టే పరిస్థితి వస్తుంది. ఆ గడిలోనే తిథి పక్కన చిన్న అక్షరాలతో అది ఎంతవరకు ఉందో సమయం వేస్తారు. అది చదివి, పోయిన సమయంతో పోల్చి చూడండి. ఈ కారణం వల్లే కార్డు మీద పోయిన సమయం కూడా వేయడం మంచిది.

ఎవరి పేర్లు, ఏ వరుసలో

ఇంట్లో మాటామాటా వచ్చేది ఎక్కువగా ఈ చోటే. ముందు భార్య లేదా భర్త పేరు ఉండాలి. ఆ తర్వాత కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు, మనవరాళ్ళు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వారినీ వేయవచ్చు. పేర్లు ఎక్కువైతే అక్షరాలు చిన్నవి చేయకండి. 'మనవలు, మనవరాళ్ళు' అని రాసి ఆపేయండి. చిన్న అక్షరాల్లో పది పేర్లు వేస్తే, పదకొండో పేరు మరచిపోయినందుకు ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

చిత్తుప్రతిలో 'కుమారులు' అన్న మాటతో ముగించారు. గుంటూరులో ఉన్న కూతురు అందులో లేదు. కర్మ కొడుకు చేస్తాడు కాబట్టి కూతురి పేరు అక్కర్లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఈ కార్డు చెప్పేది కర్మ చేసేవారి పేరు కాదు, ఎవరికి దుఃఖం కలిగిందన్నది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నది చాలా ఇళ్ళలో కూతురే. కొడుకులు లేక కూతురే కర్మ చేస్తున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ ఆమె పేరే ముందు వేయాలి.

ఇంకో మాట భార్య పేరు గురించి. పాత పద్ధతిలో భర్త పోయిన స్త్రీ పేరు ముందు 'గం.భా.' అని వేసేవారు. గంగాభాగీరథీ సమానురాలని దాని అర్థం. అర్థం గొప్పదే కావచ్చు. కాని పది రోజుల కిందటి దాకా 'శ్రీమతి'గా ఉన్న మనిషి, తన పేరు ముందు ఆ రెండక్షరాలు మొదటిసారిగా భర్త పెద్దకర్మ కార్డు మీదే చదువుకుంటుంది. ఆ అక్షరాలు ఆమెకు ఇచ్చేదేమీ లేదు. 'శ్రీమతి' అనే ఉంచండి, లేదా పేరు రాసి 'గారు' అనండి. భర్త కంటే ముందే పోయిన స్త్రీ కార్డు మీద 'సుమంగళిగా' అని వేయడం కూడా నాకు బాధగానే ఉంటుంది. ఆ కార్డు చదివేవాళ్ళలో భర్తను పోగొట్టుకున్నవాళ్ళు ఎంతోమంది ఉంటారు.

చిన్నవయసులో పోయినవారి కార్డు వేరుగా రాయాలి. అక్కడ తల్లిదండ్రుల పేర్లు ముందుంటాయి. భోజనాల సంగతి రాయకపోవడమే మంచిది. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టవచ్చు, కాగితం మీద అది కనిపించకూడదు. ఎలా పోయారన్నదీ అక్కర్లేదు. అది తెలియాల్సినవాళ్ళకు తెలిసే ఉంటుంది. పెద్దవయసులో పోయినవారి కార్డు మీద పాత ఫైల్లోంచి 'అకాల మరణం' అనే మాట వచ్చి చేరకుండా కూడా చూసుకోండి.

సరిచేసిన కార్డు

ఇప్పుడు సుబ్బయ్య గారి కార్డు మళ్ళీ రాద్దాం. ఇంటిపేరు, కుటుంబసభ్యుల పేర్లు ఎక్కడ రావాలో ఆ చోటు మాత్రం చూపిస్తున్నాను.

*కీర్తిశేషులు సుబ్బయ్య గారి పెద్దకర్మ*

*మా నాన్నగారు శ్రీ (ఇంటిపేరు) సుబ్బయ్య గారు (82), విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు, తెనాలి, విశ్వావసు నామ సంవత్సరం కార్తీక శుద్ధ ఏకాదశి, శనివారం (1-11-2025) సాయంత్రం 6 గంటలకు కన్నుమూశారు.*

*11-11-2025, మంగళవారం వారి పెద్దకర్మ జరుపుతున్నాం.*

*ఉదయం 8 గంటలకు: కాలువ రేవు దగ్గర కర్మ (దగ్గరి బంధువులకు)*
*ఉదయం 11 గంటలకు: ఇంటి దగ్గర శ్రద్ధాంజలి*
*మధ్యాహ్నం 12 గంటలకు: భోజనాలు*

*మీరు వచ్చి నాన్నగారికి శ్రద్ధాంజలి ఘటించి, మాతో కలిసి భోజనం చేయవలసిందిగా కోరుతున్నాం.*

*శ్రీమతి (భార్య పేరు), (పెద్దకుమారుడు, కోడలు), (చిన్నకుమారుడు, కోడలు), (కుమార్తె, అల్లుడు), మనవలు, మనవరాళ్ళు*

*ఇంటి చిరునామా; వివరాలకు: (మేనల్లుడి పేరు, ఫోను నంబరు)*

ఫోను నంబరు మేనల్లుడిది ఎందుకంటే, పదకొండో రోజు పొద్దున కొడుకు రేవు దగ్గర తడిబట్టలతో కూర్చుని ఉంటాడు. బస్టాండులో దిగి దారి అడిగే మనిషికి జవాబు చెప్పలేడు. అలాగే మూడు సమయాలు విడివిడిగా వేశాం. ఎవరు ఎప్పటికి రావాలో దానివల్ల ఎవరికి వారికి తెలుస్తుంది. ఒక్క 'ఉదయం 8 గంటలకు' అని వేస్తే, ఎనిమిదింటికి వచ్చిన పెద్దవాళ్ళు ఖాళీ ఇంట్లో మూడు గంటలు కూర్చోవాల్సి వస్తుంది.

పదమూడో రోజు శుభస్వీకారం చేసే ఇల్లయితే పదో రోజు ధర్మోదకాలు, పదమూడో రోజు శుభస్వీకారం, భోజనాలు అని వేరు వేరు తేదీలతో రెండు వరుసలు వేయాలి. మైల తీరిన రోజు కాబట్టి శుభస్వీకారానికి 'ఆహ్వానం' అన్న మాట వాడినా తప్పు లేదు. కొన్ని కుటుంబాలు దగ్గరివాళ్ళకు ధర్మోదకాల సంగతి ఫోనులోనే చెప్పి, కార్డు మీద శుభస్వీకారం ఒక్కటే వేస్తాయి. అదీ మంచి పద్ధతే.

ఫోనులో పంపేటప్పుడు

ఇప్పుడు అచ్చయ్యే కార్డుల కంటే ఫోనులో తిరిగేవే ఎక్కువ. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతోనే పని చేస్తారు. ఆ అక్షరాలను అలాగే కాపీ చేసి ఫోనులోకి పంపితే అవతల అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అందుకే కార్డును ఫొటోగా పంపి, దాని కింద ఫోనులోనే టైపు చేసిన మూడు వాక్యాలు పెట్టండి: ఎవరు పోయారు, ఏ తేదీ ఏ వారం, ఎక్కడ. కళ్ళు సరిగా కనిపించని పెద్దవాళ్ళకు ఫొటోలోని చిన్న అక్షరాల కంటే ఆ మూడు వాక్యాలే ఉపయోగం. ఆ మనిషి నవ్వుతున్న మంచి ఫొటో ఒకటి ఉంటే కార్డు మీద వేయండి. ఆసుపత్రిలో తీసిందో, చివరి రోజు తీసిందో వద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు వీడియో లింకు పంపుతుంటే వాళ్ళ ఊరి సమయం కూడా రాయాలి. తెనాలిలో నవంబర్ 11, మంగళవారం ఉదయం పదకొండు అంటే డాలస్‌లో 10వ తేదీ, సోమవారం రాత్రి పదకొండున్నర. ఈ సంగతి రాయకపోతే రాలేకపోయిన స్నేహితులు మంగళవారం పొద్దున లేచి లింకు తెరుస్తారు, అప్పటికి ఇక్కడ అంతా అయిపోయి ఉంటుంది. పైగా ఆ సంవత్సరం నవంబర్ 2న అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. సుబ్బయ్య గారు పోయిన రోజు చూసుకున్న సమయం తేడా పదకొండో రోజుకు పనికిరాదు.

అచ్చుకిచ్చే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కార్డు మొత్తం బయటికి చదివి, భార్యకో భర్తకో, ఇంట్లోని పెద్దవారికో వినిపించండి. పాత ఫైల్లోంచి వచ్చిన తెలియని అల్లుడి పేరు, తప్పిపోయిన కూతురి పేరు, కలవని వారం, ఇవన్నీ చెవికి దొరుకుతాయి. ఆ రోజు పిన్నికి నేను చదివి వినిపించి ఉంటే రెండు వందల కార్డులు మళ్ళీ అచ్చు వేయించాల్సిన పని ఉండేది కాదు, ఆమెకు ఆ నొప్పీ ఉండేది కాదు.

అచ్చయ్యాక అందరూ చదివి పారేసే ఈ కార్డు మీ ఇంట్లో మాత్రం ఒకటి ఉండనివ్వండి. కార్డు దాచుకోవడం ఇష్టం లేకపోతే అందులోని తిథిని ఒక పుస్తకంలో రాసి పెట్టండి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి కార్తీక శుద్ధ ఏకాదశి నవంబర్ 1న రాదు, నవంబర్ 20 ప్రాంతంలో వస్తుంది. సుబ్బయ్య గారి పిల్లలు ఆయనకు మొదటి ఆబ్దికం పెట్టవలసిన రోజు అదే.